మంచం కింద టైల్స్

మూడు రోజులుగా ఒక ఫోటో నన్ను వదలడం లేదు. జల్‌పల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఫ్లాట్ అమ్మకానికి పెట్టారు. దాని పడకగది ఫోటో వాట్సాప్‌లో చేతులు మారి మారి నా ఫోన్‌కీ వచ్చింది. తెల్లటి దుప్పటి పరిచిన డబుల్ కాట్, దానికి చెరో పక్కన చిన్న బల్లలు, బల్లల మీద దీపాలు, కింద ఊదారంగు తివాచీ. చూడగానే బాగుందనిపించింది. ఆ వెంటనే ఏదో బాగాలేదనీ అనిపించింది. ఆ గది నాకు తెలుసు. నిరుడు అక్కడ అద్దెకున్న మిత్రుడి సామాను దించడానికి సాయం వెళ్లి, ఇనుప బీరువాను తలుపులోంచి అడ్డంగా తిప్పి లోపలికి తోయడానికి అరగంట తంటాలు పడ్డవాణ్ణి. ఆ గదిలో అంత తీరుబడిగా మంచం, రెండు బల్లలు, తివాచీ పట్టడం ఎలా సాధ్యం? అయినా ఫోటోలో ఎక్కడా తేడా దొరకలేదు. మంచం అంచులు గోడల దిక్కుకే పోతున్నాయి, నీడ కిటికీకి ఎదురుగానే పడింది, కాళ్లు నేలకు ఆనే ఉన్నాయి. మూడో రోజు పొద్దున చాయ్ చల్లారుతుండగా, మంచాన్ని వదిలేసి మంచం కింద, తివాచీ కప్పని నేలను చూశాను. టైల్స్ లెక్కపెట్టాను. మంచం వెడల్పు రెండుంబావు టైళ్లు.

ఇళ్ల ఫోటోలు తీసి, ఖాళీ గదుల బొమ్మల్లో సామాను అమర్చి ఇవ్వడం కొన్నేళ్లుగా నా పని కూడా. మా వైపు కొత్త ఇళ్లలో ఎక్కువగా పరిచేది రెండడుగుల చదరపు టైల్. కచ్చితంగా చెబితే 600 మిల్లీమీటర్లు, రెండడుగులకు ఒక పిసరు తక్కువ. అంటే ఆ మంచం వెడల్పు నాలుగున్నర అడుగులు. పొడవు చూస్తే రెండున్నర టైళ్లకు కొంచెం తక్కువ, అయిదడుగులు కూడా లేదు. దాని తీరు మాత్రం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉండే పెద్ద మంచానిది. అలాంటి మంచాన్ని ముప్పావు వంతుకు కుదించి ఆ గదిలో పెట్టారన్నమాట. అయిదడుగుల పొడవు లేని మంచం మీద పెద్దమనిషి కాళ్లు చాపుకుని పడుకోలేడు. ఏ దుకాణంలోనూ దొరకని మంచం అది. కానీ చూసే కన్ను దాన్ని చిన్న మంచం అనుకోదు. మామూలు మంచమే అనుకుని, గదినే పెద్దది చేసుకుంటుంది. ముప్పావు వంతు మంచాన్ని పూర్తి మంచమని నమ్మితే, పదడుగుల గోడ పదమూడడుగులు దాటుతుంది, పదకొండడుగుల గోడ దాదాపు పదిహేను అవుతుంది. 110 చదరపు అడుగుల గది చూసేవాడి మనసులో 195 అయి కూర్చుంటుంది. ఒక్క ఇటుక కదపకుండా.

మా పక్కింటామె ఆ ఫోటో చూసే అక్కడికి వెళ్లొచ్చింది. భార్యాభర్తలు ఒక పూట పని మానుకుని, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని వెళ్లారు. కొడుకు పెళ్లికి చేయించిన టేకు మంచం ఆ గదిలో వేద్దామని వాళ్ల ఆశ. తిరిగొచ్చి నా గుమ్మం దగ్గర నిలబడి, "ఫోటోల గంత పెద్ద మంచం పట్టింది గదనే అన్నా, ఆడికి పోతే మా మంచం ఏస్తే నడిశే జాగ గూడ ఉంటలేదు. గా మంచం గాళ్లకెట్ల పట్టింది?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. తన లెక్కే ఎక్కడో తప్పిందేమోనన్న అనుమానం ఉంది. నన్ను కుదిపింది అదే. తప్పు బొమ్మది, అనుమానం మాత్రం ఆమెకు తన కళ్ల మీద. నేను ఆమెకు టైళ్ల లెక్క చూపించాను. చాలాసేపు ఫోన్ కేసి చూసి, వేలితో ఒక్కో టైల్ మీద నొక్కుతూ తానూ లెక్కపెట్టింది.

అప్పటి నుంచీ ఒకటే ఆలోచన. ఖాళీ గది ఫోటోకి కొలత ఉండదు. నాలుగు గోడలు, ఒక కిటికీ. అది ఎనిమిదడుగులదైనా కావచ్చు, పద్నాలుగడుగులదైనా కావచ్చు. అందుకే కొనేవాళ్లు ఖాళీ గది బొమ్మను చూసి తేల్చుకోలేక ముందుకు జరిగిపోతారు, అందుకే అమ్మేవాళ్లు సామాను పెట్టి చూపించమంటారు. అందులో నాకు తప్పేమీ కనబడదు. ఎందుకంటే మంచం అలంకారం కాదు, కొలబద్ద. మంచం ఎంతుంటుందో మన ఒంటికి తెలుసు. కుర్చీ ఎత్తు మన మోకాలికి తెలుసు. వాటిని గదిలో పెట్టగానే గది తన కొలత చెప్పడం మొదలుపెడుతుంది. మరి ఆ కొలబద్దనే కుదిస్తే? అమెరికాలో అడెల్బర్ట్ ఏమ్స్ అనే ఆయన ఒక వంకర గది కట్టించాడు. ఒక మూల దగ్గరగా, ఇంకో మూల దూరంగా, నేల ఏటవాలుగా ఉంటుంది. కానీ గోడకున్న ఒక్క కంతలోంచి ఒంటికన్నుతో చూస్తే చక్కని చదరపు గదిలా కనిపిస్తుంది. ఒక మూల నిలబడ్డ మనిషి రాక్షసుడిలా, ఇంకో మూల ఉన్న మనిషి మరుగుజ్జులా కనబడతారు. మనుషులంతా ఇంచుమించు ఒకే ఎత్తని తెలిసి కూడా కన్ను గదినే నమ్ముతుంది, మనిషిని కుదించుకుంటుంది. మన పడకగది ఫోటోలో జరిగింది దీనికి తిరగేసిన పని. కన్ను మంచాన్ని నమ్మి గదిని సాగదీసుకుంది. రెండు చోట్లా కన్ను ఏదో ఒకదాన్ని నమ్మాలి. నమ్మకుండా అది చూడలేదు కదా.

మా అమ్మ గుర్తొస్తుంది. ఇబ్రహీంపట్నం వైపు మా ఊళ్లో పెంకుటింటికి ఒక అర కలిపి కట్టినప్పుడు, అందులో పట్టెమంచం వేయాలని నాన్న, పట్టదని అమ్మ. వాదన తెగలేదు. అమ్మ బావి దగ్గర నుంచి పాత చేంతాడు ముక్క తెచ్చి, ఉన్న మంచం పొడుగుకు ఒక ముడి, అడ్డానికి ఒక ముడి వేసింది. ఆ తాడును కొత్త అర నేల మీద పరిచి, నన్ను తాడు పక్కగా నడవమంది. నేను గోడను రాసుకుంటూ నడిచాను. "చూసినవా, పిలగాడే పడ్తలేడు. బిందె చంకన పెట్టుకొని నేనెట్ల పోత?" అంది. నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఆ తాడు ముడులు నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. ఇవాళ నేను కంప్యూటర్ ముందు చేసే పని కూడా అదే తాడును ఫోటోలో పరచడం. కాకపోతే ఫోటోలోని నేల దూరం పోయేకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి, తాడును కూడా దానితోపాటే ముడవాలి. ఎంత ముడవాలన్నదే చిక్కు.

దానికి దారి నాకు ఒక పెళ్లి ఫోటోలో దొరికింది. శ్రీశైలం రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో, జనం మధ్య నిలబడి కంటి దగ్గర కెమెరా పెట్టుకుని తీసిన ఫోటో. దగ్గరున్నవాళ్లు పెద్దగా, దూరంగా ఉన్నవాళ్లు చిన్నగా ఉన్నారు, అది అందరికీ తెలిసిందే. కానీ పాదాలు చూడండి. దగ్గరివాళ్ల పాదాలు బొమ్మలో కిందికి, దూరంవాళ్ల పాదాలు పైకి ఉన్నాయి. తలలు మాత్రం దగ్గరైనా దూరమైనా ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి, తాడు కట్టి నిలబెట్టినట్టు. కెమెరా కన్ను ఏ ఎత్తున ఉంటే ఆ ఎత్తున్న వస్తువులన్నీ బొమ్మలో ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. చదునైన నేల మీద ఆ గీతే క్షితిజ రేఖ. నేను దాన్ని కంటి గీత అంటాను, నా పనికి ఆ పేరే తేలిక. ఒక వస్తువు నేలను తాకే చోటు నుంచి కంటి గీత దాకా బొమ్మలో ఎంత దూరం ఉంటే, అదంతా కెమెరా ఎత్తు. కెమెరా నాలుగడుగుల ఎత్తున ఉంటే, గదిలో ఎక్కడైనా సరే, నేల నుంచి కంటి గీత దాకా నాలుగడుగులే. మూడడుగుల కుర్చీ దాంట్లో ముప్పావు వంతు రావాలి. గోడ దగ్గర పెట్టినా ముప్పావే, గడప దగ్గర పెట్టినా ముప్పావే. ఇంత చిన్న లెక్క తెలియకుండా మొదట్లో కంటికి నచ్చేదాకా సాగదీస్తూ, కుదిస్తూ ఎన్ని రాత్రులు గడిపానో.

కంటి గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? గదిలోకి లోపలికి పోయే గీతలన్నిటినీ పొడిగిస్తే తెలుస్తుంది. ఫలక్‌నుమా మాకు దూరమేమీ కాదు. ఆ ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ఉంది. ఒక కొస నుంచి తీసిన దాని ఫోటో ఎప్పుడైనా చూస్తే, బల్ల రెండు అంచులూ కుర్చీల వరసలూ ఎదుటి గోడ మీద ఒక చుక్క వైపు పరుగెత్తడం కనిపిస్తుంది. ఆ చుక్క కంటి గీత మీదే ఉంటుంది. ఇటలీలో ఆల్బెర్టి 1435లో చిత్రకళ మీద రాసిన పుస్తకంలో, బొమ్మ వేయడానికి ముందు గచ్చు పలకల నేలను గీసుకోమన్నాడు. పలక కొలత మనిషి ఎత్తులో మూడోవంతు. పలకలన్నీ పోయి కలిసే చుక్క, బొమ్మలోని మనిషి ఎత్తును మించి ఉండకూడదు. అంటే ఆయన ముందు మనిషిని కొలబద్ద చేసి, ఆ కొలబద్దతో నేలను పరిచి, ఆ నేల మీద లోకాన్ని నిలబెట్టాడు. ఆ సంగతి చదివినప్పుడు, మేస్త్రీలు ఇంటింటా మనకోసం ఆ పలకలు ముందే పరిచి పెట్టారు కదా అనిపించింది. మనం చూడటం లేదు, అంతే.

ఆ ఫ్లాట్ యజమానికి పక్కింటామె మాట ఎలాగో చేరింది. బొమ్మ మళ్లీ చేసిపెట్టమని నన్ను పిలిచారు. ఫోన్ పట్టుకుని వెళ్లాను. పదడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. అడ్డంగా అయిదు టైళ్లు, నిలువుగా అయిదున్నర. మొదట టేపుతో కొలిచి, టైళ్లతో సరిచూసుకున్నాను. కొన్ని ఇళ్లలో నాలుగడుగుల పొడవు టైల్స్ వేస్తున్నారు, గోడవార ముక్కలు కోసి వేస్తారు, అందుకే టైల్‌ను గుడ్డిగా నమ్మకూడదు. గుమ్మంలో ఒక అడుగు వెనక్కి, హాల్లో నిలబడి, ఫోన్‌ను నాలుగడుగుల ఎత్తున స్టాండు మీద నిటారుగా పెట్టి, ఎదుటి గోడకు సూటిగా తీశాను. ఆ నిటారు చాలా ముఖ్యం. ఫోన్ కొంచెం కిందికి వాలితే గోడల నిలువు గీతలు కింద దగ్గరపడతాయి, పైకి వాలితే పైన దగ్గరపడతాయి. అప్పుడు ఎంత మంచి మంచమైనా ఆ గదిలో తూలుతున్నట్టే ఉంటుంది. వెడల్పు కటకం గోడలను విల్లులా వంచుతుంది కాబట్టి, ఇంటికొచ్చి మొదట ఆ వంపు తీశాను. వంపు తీయకుండా గీతలు పొడిగిస్తే ఒక్కోటి ఒక్కోచోట కలుస్తుంది.

ఫోటో 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు. టైళ్ల మధ్య సందు గీతలు మూడింటిని పొడిగించాను, పై కప్పు అంచులు రెండింటినీ పొడిగించాను. అయిదూ పై నుంచి 1500వ చుక్క దగ్గర కలిశాయి, సరిగ్గా బొమ్మ నడి ఎత్తున. ఫోన్ నిటారుగానే ఉందని అదే సాక్ష్యం. ఎదుటి గోడలో ఎడమ మూలకు బాత్రూం తలుపు ఉంది. దర్వాజా ఎత్తు ఏడడుగులు. బొమ్మలో దాని పైకొస 1050 దగ్గర, కింది కొస 2100 దగ్గర. అంటే 1050 చుక్కలు ఏడడుగులు, అడుక్కి 150. కంటి గీత నుంచి తలుపు కింది కొస దాకా 600 చుక్కలు, అంటే నాలుగడుగులు. స్టాండు ఎత్తు గుర్తులేకపోయినా తలుపే చెప్పేసేది. వేరెవరో తీసి పంపిన ఫోటోల్లో నేను చేసేది ఇదే. ముందు తలుపును అడుగుతాను, తర్వాత టైల్‌ను అడుగుతాను, రెండూ ఒకే మాట చెబితే నమ్ముతాను. చెప్పకపోతే ఫోన్ చేసి ఒక్క గోడ కొలిచి చెప్పమంటాను.

ఇక ఒక కుర్చీ. మూడడుగుల ఎత్తుది. ఎదుటి గోడకు ఆనించి పెడితే 450 చుక్కలు. అదే కుర్చీని నాకూ గోడకూ సరిగ్గా సగం దూరంలోకి లాగితే, నేలను తాకే చోటు 2700కి దిగుతుంది, కంటి గీత దాకా 1200 అవుతుంది, కుర్చీ 900 చుక్కలకు పెరుగుతుంది. దూరం సగమైతే పరిమాణం రెట్టింపు. ఈ ఒక్క పోలిక మనసులో ఉంటే చాలు. కుర్చీని బొమ్మలో కిందికి జరిపి, పెంచడం మరిచిపోతే ఏమవుతుందో ఊహించండి. అది దగ్గరికి వచ్చిన కుర్చీ కాదు, పిల్లల కుర్చీ అవుతుంది. ఆ మొదటి ఫోటో తయారుచేసినవాళ్లు కావాలని కుదించారో, గోడ దగ్గరి కొలతతోనే మంచాన్ని ముందుకు లాగారో నాకు తెలియదు. ఎవరి మనసులో ఏముందో నేనెలా చెప్పగలను? ఫలితం మాత్రం పక్కింటామె గుమ్మం ముందు నిలబడ్డ తీరులో ఉంది.

మంచం సంగతికొస్తే, నా మొదటి ప్రయత్నమే పోయింది. నా దగ్గరున్న కత్తిరింపు బొమ్మల్లోంచి ఒక మంచి టేకు మంచాన్ని తీసి, వెడల్పును టైళ్లకు సరిపెట్టి పెట్టాను. లెక్క సరిగ్గా ఉంది, అయినా మంచం ముందుకు జారిపోతున్నట్టుంది. దాని పక్క అంచులను పొడిగించి చూస్తే, నా కంటి గీతకు చాలా పైన కలిశాయి. ఆ మంచాన్ని ఎవరో నిలబడి, అయిదున్నర అడుగుల ఎత్తు నుంచి తీశారు. వాళ్లు చూసిన పరుపు ఎక్కువ, నా కెమెరా చూడగల పరుపు తక్కువ. ఒక ఎత్తు నుంచి చూసిన చూపును ఇంకో ఎత్తు నుంచి చూసిన గదిలో ఎంత సాగదీసినా అతకదు. దీన్ని పసిగట్టడానికి గీతలు కూడా అక్కర్లేదు. వస్తువు పైభాగం చూస్తే చాలు. నాలుగడుగుల ఎత్తు నుంచి చూసినప్పుడు రెండున్నర అడుగుల బల్ల పైపలక కనిపించాలి. ఆరడుగుల బీరువా నెత్తి కనిపించకూడదు. సరిగ్గా నాలుగడుగుల ఎత్తున్న మంచం తలపలక పైఅంచు, పలక మందం కూడా కనిపించకుండా, ఒక్క గీతగా మిగలాలి. బీరువా నెత్తి మీద దుమ్ము కనబడుతోందంటే ఆ బీరువా వేరే గది నుంచి వచ్చిందన్నమాటే.

ఆ కత్తిరింపును పక్కనపెట్టి, మూడు కొలతలూ ఉన్న నమూనా మంచంతో మొదలుపెట్టాను. fSpy అనే ఉచిత ప్రోగ్రాంలో ఫోటో తెరిచి, గది గీతల మీద గీతలు పెడితే, కెమెరా ఎక్కడ ఏ దిక్కుకు ఉందో అది కట్టి చూపిస్తుంది. ఆ కెమెరాను బ్లెండర్‌లోకి తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. నా ఫోటో గోడకు సూటిగా తీసింది కనుక అడ్డగీతలు ఎక్కడా కలవవు, సమాంతరంగానే ఉంటాయి. కలిసే చుక్క ఒక్కటే ఉన్నప్పుడు కటకం ఎంత వెడల్పుదో ప్రోగ్రాంకు తెలిసే దారి లేదు, మనమే చెప్పాలి. తప్పు చెబితే గది లోతు తప్పుతుంది, అడ్డం సరిపోయి నిలువు సరిపోదు. అందుకే బ్లెండర్‌లో మొదట మంచం పెట్టలేదు. రెండడుగుల గళ్ల నేలను పెట్టి, ఫోటోలోని టైళ్ల మీద పరిచాను. గోడ దాకా అయిదున్నర గళ్లూ టైళ్ల సందుల మీద కూర్చున్నాకే మంచం తెచ్చాను. దాన్ని పెంచడమూ తగ్గించడమూ నిషేధం అని నాకు నేనే పెట్టుకున్నాను. మంచం తన కొలతతో వస్తుంది, జరపడం తిప్పడం మాత్రమే నా పని. పట్టకపోతే పట్టలేదు.

పెద్ద మంచం నిజంగానే పట్టలేదు. ఆరడుగుల మంచానికి చట్రం కలిపితే ఆరడుగుల నాలుగంగుళాలు. ఎడమ గోడకున్న కప్‌బోర్డు రెండడుగుల లోతు. పదడుగుల్లో ఇవి రెండూ పోగా మిగిలేది అడుగూ ఎనిమిది అంగుళాలు. కప్‌బోర్డు తలుపు తీస్తే మనిషి నిలబడలేడు. అయిదడుగుల మంచం తెచ్చి, కుడి గోడకు జరిపాను. చట్రంతో కలిపి అయిదడుగుల నాలుగంగుళాలు, అంటే రెండు టైళ్ల మీద మూడింట రెండు వంతులు. కాళ్ల వైపు ఏడడుగులు, మూడున్నర టైళ్ల దగ్గర ఆగింది. కప్‌బోర్డు ముందు రెండడుగుల ఎనిమిదంగుళాలు మిగిలాయి, తలుపు తీసుకుని నిలబడొచ్చు. పక్కబల్లలు తీసేశాను, పట్టే చోటు లేదు. తివాచీ కూడా తీసేశాను. టైళ్లను కప్పేది అదే కదా. మొదటి ఫోటోలో తివాచీ అందానికే వేశారా అని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

నిజాయితీగా అమర్చినా ఒక చోట మోసం మిగిలే ఉంటుందని నాకు తెలుసు. వెడల్పు కటకంతో గుమ్మంలోంచి తీసిన ఏ గదైనా కంటికి కొంత లోతుగానే తోస్తుంది. దోషం కటకానిది కాదు. పర్‌స్పెక్టివ్‌ను నిర్ణయించేది మనం నిలబడ్డ చోటు, కటకం ఎంత మేర చూపాలో మాత్రమే తేలుస్తుంది. కానీ ఆ విశాలమైన చూపును అరచేతిలోని ఫోన్ మీద చూస్తాం. ఆ దూరం నుంచి చూడాల్సిన బొమ్మ కాదది. అందుకే బొమ్మ అంచుల దగ్గర వస్తువులు పక్కలకు సాగుతాయి, దూరపు గోడ ఇంకా దూరమైపోతుంది. ఇరుకు గదిలో గోడలన్నీ చూపాలంటే వేరే దారి లేదు. నేను చేయగలిగింది ఒక్కటే. అంచుల దగ్గర గుండ్రటి బల్ల, గుండ్రటి దీపం పెట్టను, అవి కోడిగుడ్లవుతాయి. సామాను నడిమి వైపు ఉంచుతాను, నేలను కనబడనిస్తాను.

ఇంత పట్టింపు అవసరమా అని నన్ను నేను అడగకపోలేదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు వేసే పటాల్లో దేవుడు పెద్దగా, సేవకుడు చిన్నగా ఉంటారు. ఇల్లు మనిషి కంటే చిన్నదవుతుంది. ఎవరూ మోసపోరు, ఎందుకంటే అక్కడ పరిమాణం అంటే గొప్పతనమని పటం చూసేవాడికీ తెలుసు, కథ చెప్పేవాడికీ తెలుసు. 1957 'మాయాబజార్'లో ద్వారకను చిన్న నమూనా కట్టి, మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో నగరంగా చూపించారు. కెమెరా ఆ చిట్టి వీధుల ఎత్తుకు దిగితే తప్ప నమూనా నగరం కాదు. సూత్రం నేను గదిలో వాడిందే. ప్రేక్షకుడు మాయ కోసమే టికెట్టు కొన్నాడు, మాయే దొరికింది. పడకగది ఫోటో చూసేవాడు మాయ కోసం రాలేదు. తన మంచం పట్టేనా అని వచ్చాడు. పర్‌స్పెక్టివ్ తప్పితే అతడి కన్నే పట్టేస్తుంది, మంచం గాల్లో తేలుతున్నట్టుంటుంది, నవ్వి పక్కన పడేస్తాడు. నష్టం బొమ్మ చేసినవాడికి. పర్‌స్పెక్టివ్ సరిగ్గా ఉండి స్కేల్ తప్పితే కన్నుకు ఏ ఆధారమూ దొరకదు. బొమ్మ ఎంత బాగా కుదిరితే అబద్ధం అంత బాగా దాగుతుంది. నష్టం చూసేవాడికి. చేతివాటం పెరిగేకొద్దీ భయం కూడా పెరగాల్సిన పని ఇదని నాకు ఆ మంచంతోనే తెలిసింది. కొత్త ప్రాజెక్టుల్లో ప్రకటననో నమూనా ఫ్లాట్‌నో నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని 2016 నాటి రెరా చట్టంలో పన్నెండో సెక్షన్ ఉంది. చేతులు మారే పాత ఫ్లాట్ ఫోటోలోని మంచం ఆ చట్టం దాకా పోదు. అక్కడ కాపలా టైలే.

బొమ్మ ఇచ్చాను. పక్కనే అదే చోటు నుంచి తీసిన ఖాళీ గది ఫోటో కూడా ఇచ్చాను. బొమ్మ కింద "ఫర్నిచర్ కలిపి చూపిన చిత్రం, మంచం 5 x 6½ అడుగులు" అని రాశాను. యజమాని చాలాసేపు చూశాడు. "గది చిన్నగ కనవడ్తుంది గద అన్నా" అన్నాడు. "గది అంతే ఉంది గదా" అన్నాను. ఖాళీ గది ఫోటో కూడా తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ బొమ్మ పెడతాడో లేదో తెలియలేదు.

నాలుగు రోజుల తర్వాత పెట్టాడు. ఆ ఆదివారం పక్కింటామె నన్ను వెంట రమ్మంది. ఈసారి కొడుకు, కోడలు, ఆమె, ముగ్గురే వచ్చారు. టేకు మంచం అత్తగారింట్లోనే ఉంచి, కొత్తగా అయిదడుగులది చేయించుకుంటామని దారిలోనే కోడలు చెప్పింది. గదిలోకి వెళ్లాక ఎవరూ గోడలను చూడలేదు. ఆ పిల్ల చెప్పులు విడిచి కుడి గోడవార నుంచి టైళ్ల మీద అడుగులు వేసుకుంటూ వచ్చి, మూడో టైల్ మీద మూడింట రెండు వంతుల దగ్గర ఆగింది. ఫోన్‌లో బొమ్మ కేసి ఒకసారి, కాళ్ల కింద నేల కేసి ఒకసారి చూసుకుంది. తర్వాత కప్‌బోర్డు తలుపు పూర్తిగా తెరిచి, తెరిచిన తలుపుకూ తన కాలికీ మధ్య ఉన్న జాగాలోకి అత్తగారిని పిలిచి నిలబెట్టింది.

"పడ్తున్నవా అత్తమ్మా?"

"పడ్తున్న బిడ్డా."